ఉత్తరం దిద్దుదాము: అభినందనలు ఎందుకు?

పిల్లలూ!

ఈ నెల మనం దిద్దబోయేది ఒక అభినందన ఉత్తరం. స్నేహితుడికి కొత్తగా ఉద్యోగం వచ్చింది. ఆ సంతోషం తెలుపుతూ నాలుగు మాటలు వ్రాయాలి. ఇందులో కష్టమేముంది అంటారా? కాగితం మీద వ్రాసినా, ఫోనులో పంపినా, అందరికీ తెలిసిన నాలుగు మాటలేగా అంటారా? సరే, ఒక ఉత్తరం చూడండి. మీకే తెలుస్తుంది.

గోదావరిఖనికి పోయే దారిలో బసంత్‌నగర్ అనే ఊరు ఉంది. అక్కడ సిమెంటు కార్ఖానా ఉంది. ఆ చుట్టుపక్కల రామగుండంలోనూ, గోదావరిఖనిలోనూ సింగరేణి వారి బొగ్గుగనులు ఉన్నాయి. అక్కడివాళ్ళు గనిని గని అనరు, బాయి అంటారు. బాయి అంటే బావి. భూమిలోకి దిగి చేసే పని కదా! అందుకే గనిలో పనిచేసేవాడు, "బాయికి పోతున్నాను" అంటాడు.

బసంత్‌నగర్‌లో ఒకే వీధిలో ఇద్దరు స్నేహితులు ఉన్నారనుకోండి. పెద్దవాడికి ఇరవై ఏళ్ళు, చిన్నవాడికి పధ్నాలుగు. చిన్నవాడు పెద్దవాణ్ణి "అన్నా" అని పిలుస్తాడు. పెద్దవాడి తండ్రి బాయిలో చాలా ఏళ్ళు పనిచేశాడు. ఆరోగ్యం చెడింది. మెడికల్ బోర్డు వైద్యులు పరీక్షచేసి, ఈయన ఇక బాయిపని చేయలేడని తేల్చారు. దీన్ని అక్కడ "అన్‌ఫిట్ కావడం" అంటారు. ఒక కార్మికుడు పనిలో ఉండగా చనిపోయినా, ఇలా అన్‌ఫిట్ అయినా, అతని మీద ఆధారపడిన బిడ్డకు సింగరేణిలో ఉద్యోగం ఇచ్చే పద్ధతి ఉంది. దానిని కారుణ్య నియామకం అంటారు. ఆ పద్ధతి ప్రకారమే పెద్దవాడికి ఉద్యోగం వచ్చింది. అతను గోదావరిఖనిలో బంధువుల ఇంట్లో ఉండి శిక్షణకు వెళుతున్నాడు.

ఈ సంగతి తెలిసి చిన్నవాడు ఇలా వ్రాశాడు:

"గౌరవనీయులైన మిత్రమా,
మీకు నా హార్థిక శుభాకాంక్షలు. మీ నాన్నగారు అన్‌ఫిట్ అయ్యి నీకు సింగరేణిలో ఉద్యోగం వచ్చినందుకు మేము చాలా సంతోషించబడ్డాము. ఈ వార్త మా వీధి పిల్లలందరికీ నాచేత చెప్పబడింది. నీవు చాలా అదృష్టవంతులు. త్వరలో దీనికంటే పెద్ద ఉద్యోగం సంపాదించి ఉన్నత శిఖరాలు అధిరోహించాలని కోరుకుంటున్నాను. మీరు మాకు దావత్ ఇవ్వాలి.
ఇట్లు, మీ మిత్రుడు."

పాపం, వీడి మనసులో నిజంగానే సంతోషం ఉంది. కాని ఉత్తరంలో అది కనబడడం లేదు. పైగా ఒక వాక్యం ఆ ఇంట్లో వాళ్ళ మనసు నొప్పించేలా ఉంది. అది ఏ వాక్యమో మీరు పట్టుకున్నారా? ముందు చిన్న తప్పులు దిద్దుకుని, తరువాత దాని దగ్గరికి వద్దాము.

మొదటిది, పిలుపు. "మీకు" అని మొదలుపెట్టి, "నీకు" అని, "నీవు" అని, చివరకు మళ్ళీ "మీరు" అన్నాడు. ఒకే మనిషిని ఒకే ఉత్తరంలో రెండు విధాలుగా పిలవకూడదు. "నీవు అదృష్టవంతులు" అన్న వాక్యంలో ఈ తొందర మరీ బయటపడింది. నీవు అన్నప్పుడు "అదృష్టవంతుడివి" అనాలి. మీరు అన్నప్పుడే "అదృష్టవంతులు" అనడం. మరి వీడు ఏది వాడాలి? వీధిలో ఎలా పిలుస్తాడో అలాగే వ్రాయాలి. రోజూ "అన్నా, నువ్వు" అని పిలిచేవాడు, అన్నకు ఉద్యోగం రాగానే "గౌరవనీయులైన మిత్రమా, మీరు" అంటే, అన్న ఏమనుకుంటాడు? "వీడు నాకు దూరమయ్యాడే!" అనుకుంటాడు. మర్యాద ఎక్కువైనకొద్దీ చనువు తగ్గుతుంది.

రెండవది, "హార్థిక." ఇందులో ఒత్తు థకారం లేదు. హృదయానికి సంబంధించినది హార్దం. దాని నుంచే హార్దికం వచ్చింది. హృదయంలో ఉన్నది మామూలు దకారమే కదా! "ఆర్థికం" అన్న మాట చూసి చాలామంది ఇక్కడ కూడా థకారం పెడతారు. ఆర్థికం అంటే అర్థానికి, అనగా ధనానికి సంబంధించినది. హృదయానికి ధనంతో పనిలేదు. మీకు అనుమానం వస్తే "మనసారా" అని వ్రాయండి, పేచీ ఉండదు.

అక్కడే ఇంకొకటి ఉంది. శుభాకాంక్షలు అంటే శుభం కావాలనే ఆకాంక్షలు. ముందు జరగబోయేదానికి చెప్పేవి. పరీక్షకు వెళ్ళేవాడికి, కొత్త సంవత్సరానికి, ప్రయాణానికి శుభాకాంక్షలు చెబుతాము. జరిగిన మంచిని చూసి సంతోషించడం అభినందన. ఉద్యోగం వచ్చేసింది కాబట్టి ముందు అభినందనలు చెప్పాలి. ఉద్యోగంలో బాగుండాలని కోరదలిస్తే, అప్పుడు శుభాకాంక్షలు కూడా చెప్పవచ్చు.

మూడవది, "సంతోషించబడ్డాము", "నాచేత చెప్పబడింది." ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి కాని, రెండింటిలో తప్పు ఒకటి కాదు. "చెప్పు" అనే క్రియకు కర్మ ఉంటుంది. ఏమి చెప్పాడు? వార్త చెప్పాడు. అటువంటి క్రియకు "బడు" చేర్చి "వార్త చెప్పబడింది" అనడం వ్యాకరణంలో ఉంది. కాని మన తెలుగువాళ్ళు నోటితో అలా అనరు. "వార్త చెప్పాను" అంటారు. "సంతోషించు" సంగతి వేరు. ఏమి సంతోషించాడు అని అడిగితే జవాబు లేదు. అది కర్మ లేని క్రియ. కర్మలేని క్రియకు "బడు" చేరనే చేరదు. నవ్వబడ్డాడు, నిద్రపోబడ్డాడు అంటామా? ఇదీ అంతే. అందుచేత మొదటిది బాగాలేదు, రెండవది తప్పు.

నాలుగవది, "మా వీధి." ఇది తప్పు కాదు, కాని దీనిలో ఒక చమత్కారం ఉంది. ఇంగ్లీషులోనూ, హిందీలోనూ మనకూ మాకూ కలిపి ఒకటే మాట. తెలుగులో రెండు మాటలున్నాయి. "మనం" అంటే వినేవాడు కూడా అందులో ఉన్నాడు. "మేము" అంటే వినేవాడు అందులో లేడు. అన్న నిన్నమొన్నటిదాకా ఆ వీధిలోనే పెరిగాడు. గోదావరిఖని వెళ్ళి కొద్దిరోజులే అయింది. ఇంతలోనే తమ్ముడు "మా వీధి" అని వ్రాస్తే, వీధి నుంచి అన్నను తీసివేసినట్టే! "మన వీధి" అని వ్రాయాలి. ఒక్క అక్షరం మారితే చాలు, అన్న మళ్ళీ ఆ వీధివాడు అయిపోతాడు. అయితే సంతోషించినప్పుడు మాత్రం "మేమందరం సంతోషించాము" అనే వ్రాయాలి. ఎందుకంటే, వార్త విని గంతులు వేసినవాళ్ళలో అన్న లేడు. వీధి మనది, ఆ గంతులు మావి. ఈ తేడా తెలిసిందా?

ఇక ఆ పెద్ద వాక్యం దగ్గరికి వద్దాము.

"మీ నాన్నగారు అన్‌ఫిట్ అయ్యి నీకు సింగరేణిలో ఉద్యోగం వచ్చినందుకు మేము చాలా సంతోషించాము." "బడ్డాము" తీసివేశాము. మరి ఇప్పుడు బాగుందా? పైకి చదవండి. వీళ్ళు దేనికి సంతోషించారు?

"తిని, వెళ్ళి, అయ్యి" వంటి క్రియలతో వాక్యం ముగియదు. అందుకే వాటిని అసమాపక క్రియలు అంటారు. పెద్ద వ్యాకరణంలో ఈ రకానికి క్త్వార్థకం అని పేరు. "పిల్లవాడు అన్నం తిని బడికి వెళ్ళాడు" అన్నప్పుడు తిన్నవాడూ, వెళ్ళినవాడూ ఒకడే. సాధారణంగా ఇలా రెండు పనులకూ కర్త ఒకడే ఉండాలి. "బంట్రోతు" అన్న మాట మరచిపోయి "గంట కొట్టి పిల్లలు ఇళ్ళకు పోయారు" అని వ్రాస్తే, పిల్లలే గంట కొట్టుకుని పోయారని అర్థం వస్తుంది! బంట్రోతు గంట కొట్టిన తరువాత పిల్లలు పోయారని వ్రాయాలి.

కాని దీనికి ఒక మినహాయింపు ఉంది. "వానలు కురిసి చెరువులు నిండాయి" అంటాము. కురిసినవి వానలు, నిండినవి చెరువులు. కర్తలు ఇద్దరు. అయినా వాక్యం చక్కగా ఉంది. ఎందుకంటే మొదటిది కారణం, రెండవది దాని ఫలితం. దానంతట అది జరిగినదాని నుంచి మరొకటి పుట్టినప్పుడు తెలుగు ఈ కూర్పును ఒప్పుకుంటుంది. నాన్న అన్‌ఫిట్ కావడం కారణం, కొడుకుకు ఉద్యోగం రావడం ఫలితం. అందుచేత ఈ లెక్కన మన వాక్యంలో వ్యాకరణదోషం లేదు.

మరి తప్పు ఎక్కడ ఉంది? వాక్యం చివర ఉన్న "వచ్చినందుకు" దగ్గర ఉంది. "వానలు కురిసి చెరువులు నిండినందుకు రైతులు సంతోషించారు." రైతులు దేనికి సంతోషించారు? చెరువులు నిండినందుకు మాత్రమేనా? వానలు కురిసినందుకు కూడా! "నందుకు" అన్న ముక్క తనకు ముందు అల్లుకుని వచ్చిన పనులన్నిటినీ కలిపి పట్టుకుంటుంది. అదే విధంగా మన వాక్యంలోనూ అది రెండు పనులనూ పట్టుకుంది. నాన్న అన్‌ఫిట్ అయినందుకూ, కొడుకుకు ఉద్యోగం వచ్చినందుకూ, రెండింటికీ వీధి పిల్లలు సంతోషించారని అర్థం వచ్చింది!

ఈ ఉత్తరం అన్న ఒక్కడే చదువుతాడని అనుకోకండి. ఇంటికి తీసుకువెళ్ళి అందరికీ పైకి చదివి వినిపిస్తాడు. మంచం మీద కూర్చున్న తండ్రి వింటాడు. తల్లి వింటుంది. తమ్ముడు ఈ మాటలు కావాలని అనలేదని వాళ్ళకూ తెలుసు. అయినా ఒక్క క్షణం వాళ్ళ గుండె కలుక్కుమంటుంది.

కొందరు ఇక్కడ ఒక కామా పెట్టి సరిపెడతారు. "అన్‌ఫిట్ అయ్యి, నీకు ఉద్యోగం వచ్చినందుకు" అంటారు. కామాతో పని జరగదు. పైకి చదివేటప్పుడు అది వినపడనే వినపడదు. మరికొందరు "మీ నాన్నగారు అన్‌ఫిట్ అయినా నీకు ఉద్యోగం వచ్చింది" అని మారుస్తారు. ఇది ఇంకా అన్యాయం. నాన్న ఆరోగ్యం పోయినా ఫరవాలేదు, ఉద్యోగం వచ్చింది కదా అన్నట్టు ధ్వనిస్తుంది. ఏమి చేయాలంటే, ఆ రెండు సంగతులనూ విడదీయాలి. ఉద్యోగానికి ఒక వాక్యం, అక్కడ ఫుల్‌స్టాప్. నాన్నకు వేరే వాక్యం. అందులో ఆయన జబ్బును కాక, ఆయనను గురించి వ్రాయాలి. అప్పుడు సంతోషం సంతోషంగా ఉంటుంది, బాధ బాధగా ఉంటుంది. ఒకటి రెండవదానిలో కలవదు.

మీ ఉత్తరాల్లో ఈ తప్పు ఉన్నదో లేదో తెలుసుకోవడానికి తేలిక పద్ధతి ఒకటి చెబుతాను. "నందుకు" కనబడగానే ఆగండి. దానికి ముందున్న పనులను ఒక్కొక్కటిగా విడదీసి, ప్రతిదాని చివరా "అభినందనలు" చేర్చి పైకి చదవండి. "నీకు ఉద్యోగం వచ్చినందుకు అభినందనలు." బాగుంది. "నాన్నగారు అన్‌ఫిట్ అయినందుకు అభినందనలు." ఛీ! ఇది దానిలో ఉండకూడదు, వెంటనే బయటకు తీయండి.

వ్యాకరణం అయిపోయింది. ఇప్పుడు మిగిలినవి మూడు వాక్యాలు. వాటిలో దోషం లేదు. అయినా అవి నిలవవు.

"నీవు అదృష్టవంతుడివి." తండ్రి ఆరోగ్యం పోయిన ఇంట్లో ఈ మాట చెల్లదు. పైగా ఉద్యోగం చేతికి వచ్చేదాకా అతను కాగితాలు పట్టుకుని ఆస్పత్రికీ, ఆఫీసుకూ తిరిగాడు. ఆ తిరుగుడును తమ్ముడు కళ్ళారా చూశాడు. చూసినది వ్రాయకుండా, అదృష్టం అనేశాడు.

"దీనికంటే పెద్ద ఉద్యోగం సంపాదించి ఉన్నత శిఖరాలు అధిరోహించాలి." అన్న ఇంకా శిక్షణలోనే ఉన్నాడు. అప్పుడే "దీనికంటే పెద్దది" అంటే, ఇది చిన్నది అన్నట్టే కదా! పైగా అతను ఎక్కేది శిఖరం కాదు, దిగేది బాయి. ఆ మాటలు ఎవరికైనా, ఎక్కడైనా వ్రాయవచ్చు. బ్యాంకులో చేరినవాడికి వ్రాయవచ్చు, బడిలో చేరినవాడికి వ్రాయవచ్చు. అన్నకోసమే వ్రాసిన మాట ఏదో ఒకటి ఉండాలి. గనుల్లోకి కొత్తగా వచ్చినవారికి ముందు శిక్షణ ఇవ్వాలని 1966లో వచ్చిన నియమాలు చెబుతున్నాయి. అక్కడ ఏమి నేర్పుతున్నారో అన్నను అడగవచ్చు. తలకు పెట్టుకునే క్యాప్ ల్యాంపు గురించి అడగవచ్చు. బాయిలో పనిచేసేవాడికి ఇంటివాళ్ళు కోరే మొదటి కోరిక ఏమిటి? క్షేమంగా పైకి రావాలని. అదే కోరవచ్చు.

"మాకు దావత్ ఇవ్వాలి." స్నేహితులు దావత్ అడగడం తప్పు కాదు. కాని ఇంకా మొదటి జీతం రాలేదు. ఇంట్లో మందుల ఖర్చు ఉంది. ఈసారికి తమ్ముడే ఏదో ఒకటి తినిపిస్తానంటే బాగుంటుంది.

ఇప్పుడు దిద్దిన ఉత్తరం చదవండి. అన్న అని పిలుస్తున్నాడు కాబట్టి, ఆయన తండ్రిని పెద్దనాన్న అనడమే వరస.

"అన్నా,
నీకు బాయిలో ఉద్యోగం వచ్చిందని నిన్న అమ్మ చెప్పింది. మనసారా అభినందనలు! మన వీధి పిల్లలందరికీ నేనే పరుగెత్తుకుంటూ వెళ్ళి చెప్పాను. మేమందరం గంతులు వేశాము.
ఇన్ని నెలలు నువ్వు ఆస్పత్రికీ, ఆఫీసుకూ తిరిగి అలసిపోయి వచ్చేవాడివి. అయినా ఒక్క రోజు కూడా నాకు లెక్కలు చెప్పడం మానలేదు. అది నేను మరచిపోను.
పెద్దనాన్న ఎలా ఉన్నారు? ఆయన నైట్ షిఫ్టు నుంచి వచ్చి, నిద్ర కూడా పోకుండా నాకు సైకిలు తొక్కడం నేర్పిన సంగతి మొన్ననే అమ్మతో చెప్పాను. ఆదివారం వచ్చి ఆయన దగ్గర కూర్చుంటాను.
శిక్షణలో ఏమేమి నేర్పుతున్నారు? క్యాప్ ల్యాంపు పెట్టుకుంటే బరువుగా ఉంటుందా? మొదటిసారి బాయిలోకి దిగిన రోజు ఎలా ఉందో నాకు చెప్పాలి. రోజూ క్షేమంగా పైకి రావాలని కోరుకుంటున్నాను.
నువ్వు మన వీధికి వచ్చినప్పుడు మిర్చి బజ్జీలు నేను తినిపిస్తాను. దావత్ తరువాత చూద్దాము.
నీ తమ్ముడు."

చూశారా? "హార్దిక" అన్న మాట లేదు, శిఖరాలు లేవు. ఉత్తరం మునుపటికంటే పొడుగైంది కాని, ఇందులో ప్రతి వాక్యమూ ఆ ఇంటికే చెందుతుంది. పేరు తీసివేసి మరొకరికి పంపుదామంటే కుదరదు. ఎందుకంటే, సైకిలు నేర్పిన పెద్దనాన్న మరొక ఇంట్లో లేడు.

ఒక్క జాగ్రత్త. ఇక్కడ తండ్రి బ్రతికి ఉన్నాడు. తండ్రి చనిపోయినందువల్ల కొడుకుకు ఉద్యోగం వచ్చిన ఇళ్ళు కూడా గనుల ప్రాంతంలో ఉన్నాయి. అటువంటి ఇంటికి ఈ ఉత్తరం పనికిరాదు. అక్కడ గంతులు వేసిన మాట వ్రాయకూడదు, ఆశ్చర్యార్థకం పెట్టకూడదు. "నీకు ఉద్యోగం వచ్చిందని తెలిసింది. ఇంటికి నువ్వు ఆధారంగా నిలబడుతున్నావు. నేను ఆదివారం వస్తాను" అంటే చాలు. ఆదివారం తప్పకుండా వెళ్ళాలి.

ఇక మీకు ఈ నెల పని. ఒక బడి పిల్లలు కొత్త మాస్టారికి స్వాగతపత్రం వ్రాస్తూ ఇలా అన్నారు: "మా పాత మాస్టారు జబ్బుపడి సెలవు పెట్టి మీరు మా బడికి వచ్చినందుకు మేము ఎంతో ఆనందించబడుతున్నాము." ఇందులో ఎన్ని తప్పులున్నాయి? ఏది వ్యాకరణంలో తప్పు, ఏది మనసులో గుచ్చుకునే తప్పు? ఇద్దరు మాస్టర్లకూ చదివి వినిపించినా ఎవరూ నొచ్చుకోకుండా ఉండేలా ఈ వాక్యాన్ని తిరిగి వ్రాయండి. దిద్దిన వాక్యం వచ్చే నెల ఇదే పుటలో చూడవచ్చు.